లాఫ్ట్ మూత చుట్టూ చల్లగాలి, పైన మేకులకి నీటి బొట్లు: ఇన్సులేషనా, సీలా, ముందు ఏది?

వెంకట్_ఎంకే
అందరికీ నమస్తే. మాది మిల్టన్ కీన్స్‌లో 90ల నాటి సెమీ. లాఫ్ట్‌లో, అంటే సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఖాళీలో, 270 మి.మీ. గ్లాస్‌వూల్ ఉంది. ఇల్లు కొన్నప్పుడు సర్వేయర్ కూడా పైన బాగానే ఉందని రాశాడు. అయినా మేడ మీద ల్యాండింగ్‌లో, సరిగ్గా లాఫ్ట్ మూత కింద నిలబడితే నెత్తి మీద చల్లగా తగులుతుంది. మొన్న గడ్డకట్టే చలి పడిన రోజు పొద్దున్నే క్రిస్మస్ సామాను పైన పెడదామని ఎక్కితే, మూతకి ఎదురుగా పెంకుల కింద పరిచిన ఫెల్ట్ అంతా చెమర్చి ఉంది. మేకుల మొనలకి బొట్లు వేలాడుతున్నాయి. దూరపు మూలల్లో అంత లేదు.

మూత అంటే 18 మి.మీ. ఎండీఎఫ్ పలక, 60 × 70 సెం.మీ. లోపలి చెక్క అంచు మీద ఊరికే కూర్చుంటుంది, పైకి తోసి పక్కకి జరపాలి. దాని మీద ఇన్సులేషన్ లేదు, అంచుల్లో రబ్బరూ లేదు. ఆఫీసులో ఒకాయన మందపాటి ఇన్సులేషన్ అంటించమంటాడు, ఇంకొకాయన సీల్ చాలంటాడు. ముందు ఏది చెయ్యాలి?

రమణ_స్లౌ
బ్రో, ఇంత సీన్ అక్కర్లేదు. మిగిలిపోయిన గ్లాస్‌వూల్ ఒక ముక్క పెద్ద చెత్త సంచిలో కుక్కి, మూత మీద పడేసి నాలుగు స్టేపుల్స్ కొట్టెయ్. మా ఇంట్లో అదే చేశా, అరగంట పని. చల్లదనం పోయింది. ఎప్పుడో గానీ పైకి వెళ్లవు కదా, అంచులకి సిలికాన్ పూసేస్తే ఇంకా మంచిది.

సుబ్బారావు_గుంటూరు
చిరంజీవి వెంకట్‌కి ఆశీస్సులు. నేను ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర లూటన్‌లో ఉన్నాను. పైకప్పుకి నీరు వచ్చిందంటే ముందు చూడవలసింది పెంకులు. ఇన్సులేషన్ సంగతి తరువాత. ఎక్కడో పెంకు జారి ఉంటుంది. మన దగ్గర స్లాబుకి చెమ్మ వస్తే వాటర్‌ప్రూఫింగ్ వేయిస్తాం, ఇక్కడా ఎవరినైనా పిలిచి పైనుంచి చూపించు.

ప్రసాద్_లీడ్స్
సుబ్బారావు గారూ, పెంకు జారి ఉండొచ్చన్నది కొట్టిపారేసే మాట కాదు. కానీ గుర్తులు వేరు. లీకైతే వాన పడ్డాక కనిపిస్తుంది, ఒకచోట మొదలై కర్ర వెంట చార కడుతుంది. ఇక్కడ వాన లేదు, రాత్రి ఆకాశం తేటగా ఉండి గడ్డకట్టే చలి పడింది, పొద్దున్నే మేకుల మొనలన్నిటికీ బొట్లు. ఇనుము చెక్క కంటే త్వరగా చల్లబడుతుంది కాబట్టి ఇంట్లోంచి పైకెళ్లిన తడిగాలి ముందు మేకుల మీదే నీరవుతుంది. అదీ మూతకి ఎదురుగానే ఎక్కువ. ఇది లోపలి చెమ్మే.

వెంకట్ గారూ, నేను ఇళ్ల ఎనర్జీ సర్వేలు చేస్తుంటాను, మీ కొలతలతోనే ఒక లెక్క చెప్తాను. ఇంట్లో 20 డిగ్రీలు, బయట 0 అనుకుందాం. మీ సీలింగు 50 చదరపు మీటర్లనుకుంటే, 270 మి.మీ. ఉన్నితో అది పోగొట్టే వేడి దాదాపు 160 వాట్లు. ఇన్సులేషన్ లేని ఆ ఎండీఎఫ్ పలక ఒక్కటే 25 వాట్లు పోగొడుతుంది. వైశాల్యంలో నూటికి ఒక వంతు కూడా లేని పలక, మిగతా సీలింగంతా కలిపి పోగొట్టేదాంట్లో ఆరో వంతు లాగేస్తోంది. రమణ గారు చెప్పింది ఇంతవరకూ నిజమే, ఇన్సులేషన్ కావాలి.

ఇప్పుడు సందు చూడండి. మూత చుట్టుకొలత 2.6 మీటర్లు. సగటున 2 మి.మీ. సందు ఉన్నా అది 52 చదరపు సెంటీమీటర్లు, అంటే సీలింగుకి 8 సెం.మీ. వెడల్పు గుండ్రటి కన్నం పెట్టినట్టు. వేడిగాలి తేలిక కాబట్టి చలికాలం రెండంతస్తుల ఇంట్లో పై సీలింగు దగ్గర ఎప్పుడూ పైకి తోపు ఉంటుంది. ఈ చలికి అది 2 పాస్కల్‌ల దాకా ఉంటుంది. చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, ఆ కన్నంలోంచి గంటకి 20 ఘనపు మీటర్ల గాలి పైకి పోవడానికి చాలు. దాని బదులు కింద నుంచి వచ్చే చల్లగాలిని వేడి చెయ్యడానికి 130 వాట్లు పడుతుంది. పలకలోంచి పోయేదానికి ఐదింతలు. మీ సందు 1 మి.మీ. అయితే సగమనుకోండి, అప్పటికీ పలక కంటే ఎక్కువే.

ఇక నీళ్లు. ఇంట్లో గాలి ఘనపు మీటరుకి 9 గ్రాముల నీరు మోస్తుంది, అదే గాలి 0 డిగ్రీలకి చల్లబడితే 5 గ్రాములు కూడా పట్టుకోలేదు. గంటకి 20 ఘనపు మీటర్లు, ఒక్కోదానికి 4 గ్రాముల చొప్పున రోజంతా లెక్కేస్తే రెండు లీటర్లకి దగ్గర పడుతుంది. ఈవ్స్ దగ్గర, అంటే కప్పు చూరు దగ్గర, గాలి ఆడితే చాలా భాగం బయటికి పోతుంది. గాలి ఆడని రాత్రి కప్పుకే పట్టుకుంటుంది.

అందుకని ముందు సీల్, తర్వాత ఇన్సులేషన్. రెండూ ఒకే రోజు చేస్తే మరీ మంచిది.

రమణ_స్లౌ
లెక్కలు బాగున్నాయి అన్నా, కానీ మా ఇంట్లో నేను చెప్పిన పద్ధతే, బొట్లు గిట్లు ఏం లేవు. ప్రాక్టికల్‌గా పని చేస్తోంది కదా?

ప్రసాద్_లీడ్స్
మీ ఇంట్లో మనుషులెంతమంది, బట్టలు ఎక్కడ ఆరేస్తారు, ఫ్యాన్ ఎంతసేపు నడుస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది రమణ గారూ. ఇద్దరుండే పొడి ఇంట్లో ఎంత సందున్నా బొట్లు కనపడకపోవచ్చు, వేడి మాత్రం పోతూనే ఉంటుంది. ఈసారి పైకెళ్లినప్పుడు మూత అంచు పక్కనున్న ఉన్ని చూడండి. మసిబారినట్టు నల్లగా ఉంటే అది గాలి మోసుకొచ్చిన దుమ్ము. ఉన్ని గాలిని ఆపదు, వడకడుతుంది అంతే.

సిలికాన్ మాత్రం వద్దు. ట్యాంకు వాల్వో, వైరో, ఇలా ఫెల్టో చూడాల్సిన రోజున కత్తితో కోసుకుంటూ కూర్చోవాలి.

అనూష_డాలస్
మా కథ మీకు తలకిందులు. టెక్సస్‌లో చలి కాదు, వేసవి. హాల్లో తాడు లాగితే మడత మెట్లు దిగే అటిక్ తలుపు ఉంది. జూలై మధ్యాహ్నం అటిక్‌లో 50 డిగ్రీలు దాటిపోతుంది, ఆ తలుపు కింద చెయ్యి పెడితే పొయ్యి మూత దగ్గర పెట్టినట్టే. సీలింగు మీద ఆర్-38 ఇన్సులేషన్ ఉంది, తలుపు మాత్రం పల్చటి ప్లైవుడ్. మా ఏసీ గాలిని వెనక్కి లాక్కునే రిటర్న్ కూడా హాల్లోనే, అది ఆన్ అయితే తలుపు సందుల్లోంచి వేడిగాలి కిందకి లాగుతోందని నా అనుమానం. మెట్లు మడిచాక తలుపు వెనకాల చోటే ఉండదు కదా, బోర్డు ఎక్కడ అంటించాలి?

ప్రసాద్_లీడ్స్
అనూష గారూ, మీ అనుమానం నిజం కావచ్చు. ఏసీ ఆన్ చేసి సందు దగ్గర టిష్యూ పట్టుకోండి, కిందికి ఊగితే అదే. సీల్ చేస్తే పైకి పోయే గాలైనా, కిందికొచ్చే గాలైనా ఆగుతుంది.

మడత మెట్లకి తలుపు మీద అంటించకూడదు. స్ప్రింగు చేతులకీ, మెట్లకీ తగులుతుంది, తలుపు సరిగ్గా మూసుకోదు, ఉన్న సందు ఇంకా పెద్దదవుతుంది. అటిక్ వైపు ఫ్రేమ్ మీద గట్టు కట్టి, దాని మీద ఫోమ్ బోర్డుతో చేసిన, పైకెత్తి తీసేసే పెట్టె బోర్లించాలి. పెట్టె అడుగు అంచుకి రబ్బరు స్ట్రిప్. మడిచిన మెట్ల ఎత్తు కొలిచి దానికి తగ్గట్టు పెట్టె ఎత్తు పెట్టండి. జిప్పు ఉన్న రెడీమేడ్ గుడారాలూ దొరుకుతాయి, కానీ దాని అడుగు అంచు ఫ్రేముకి గాలి పోకుండా బిగించకపోతే కొన్నా ఉపయోగం ఉండదు.

మీ తలుపు 10 చదరపు అడుగులనుకోండి, వేడిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ విలువ దానికి 1 కంటే పెద్దగా ఉండదు. 1000 చదరపు అడుగుల ఆర్-38 సీలింగులో అదొక్కటి ఉంటే మొత్తం సగటు ఆర్-28కి పడిపోతుంది. గాలి లెక్క ఇంకా కలపలేదు.

అనూష_డాలస్
ఆర్-28 ఆ! ఇన్సులేషన్ వాడు ఇంకా పైన చల్లిస్తానని కొటేషన్ ఇచ్చాడు, తలుపు ఊసే ఎత్తలేదు. ఇంకొకటి, గరాజ్ సీలింగులో కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి. దానికీ పెట్టె పెట్టేస్తే?

ప్రసాద్_లీడ్స్
దాన్ని కదిలించకండి. గరాజ్‌లో మంటలొస్తే ఇంటి అటిక్‌లోకి పోకుండా ఆపేది ఆ జిప్సమ్ సీలింగే, అక్కడి తలుపు కూడా ఆ అడ్డులో భాగమే. ఫోమ్ కాలుతుంది. మీ ఊరి బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని అడగకుండా ఏమీ అంటించొద్దు.

కీర్తి_డబ్లిన్
నేను అద్దెకుంటున్నా. ఓనర్ స్క్రూలు కొట్టనివ్వడు. పౌండ్ షాపులో దొరికే తెల్ల స్పాంజి టేపు అంటిస్తే సరిపోతుందా?

ప్రసాద్_లీడ్స్
కీర్తి గారూ, ఆ స్పాంజి మూత బరువుకి ఒక చలికాలంలోనే అట్టలా అణిగిపోతుంది, మళ్లీ పైకి లేవదు. లోపల బోలుగా ఉండే ఈపీడీఎం రబ్బరు స్ట్రిప్, వెనకాల జిగురుతో వచ్చేది తీసుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పీకేయొచ్చు. మీ మూత బరువైన పలకైతే గొళ్లెం లేకపోయినా పనిచేస్తుంది.

వెంకట్_ఎంకే
ప్రసాద్ గారూ, అర్థమైంది. నేనే చేసుకుంటా. ఏ క్రమంలో చెయ్యాలో చెప్తారా? పైన ట్యాంకు ఏం లేదు, కానీ వేడినీళ్ల పైపులు రెండు మూత పక్కనుంచే పోతున్నాయి.

ప్రసాద్_లీడ్స్
మొదట సందు ఎక్కడుందో కనిపెట్టండి. చలిగా ఉన్న రాత్రి, బాత్రూమ్ ఫ్యాన్ ఆపి, కిటికీలన్నీ మూసి, మూత అంచు వెంట వెలిగించిన అగరబత్తి తిప్పండి. ఎక్కడ పొగ తిన్నగా పైకి లాక్కుంటుందో అక్కడ పెన్సిలు గీత పెట్టండి. ఫ్యాన్ నడుస్తుంటే గాలి తిరగబడి కిందికి వస్తుంది, పొగ మీ మొహాన కొడుతుంది, అప్పుడు లెక్క తప్పుతుంది. ల్యాండింగ్‌లో స్మోక్ అలారం ఉంటుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి!

రెండోది చాలామంది వదిలేసేది. మూతకీ ఫ్రేముకీ మధ్య సందు ఒక్కటే కాదు, ఫ్రేముకీ ప్లాస్టర్‌బోర్డుకీ మధ్య ఇంకొకటి ఉంటుంది. కింద నుంచి చూస్తే చుట్టూ కొట్టిన చెక్క పట్టీ దాన్ని కప్పేస్తుంది, కాబట్టి కంటికి కనపడదు. పైకెక్కి ఉన్ని పక్కకి తీసి చూడండి, వేలు దూరే సందులు కూడా ఉంటాయి. సన్నగా ఉంటే డెకరేటర్స్ కాక్ చాలు, పెద్దవాటికి ఫోమ్ గన్. కింద పట్టీ అంచుకి కూడా సన్నగా కాక్ లాగండి.

తర్వాత రబ్బరు స్ట్రిప్. మూత కూర్చునే అంచుని దుమ్ము లేకుండా స్పిరిట్‌తో తుడవకపోతే ఆర్నెల్లలో జారిపోతుంది. నాలుగు వైపులా, మూలల్లో ఖాళీ లేకుండా. ముందు మూతని బల్ల మీద పెట్టి వంగిందేమో చూడండి. పాత ఎండీఎఫ్ మధ్యలో కుంగి ఉంటుంది, అప్పుడు 5 మి.మీ. దాకా అణిగే మెత్తటి స్ట్రిప్ కావాలి. కింద నుంచి ఎదురెదురుగా రెండు గొళ్లాలు పెడితే మూత రబ్బరు మీదకి గట్టిగా దిగుతుంది. గాలి ఎక్కువున్న రోజు తేలిక మూతలు టకటకా లేచి పడే ఇళ్లు చూశాను, వాటికి గొళ్లెం తప్పదు.

ఇన్సులేషన్‌కి మూత మీద 100 మి.మీ. పీఐఆర్ అనే గట్టి ఫోమ్ బోర్డు. ఫ్రేమ్ లోపలికి దిగాలి కాబట్టి చుట్టూ ఒక సెంటీమీటరు తక్కువగా కోసి, జిగురుతో అంటించి, కోసిన అంచులకి ఫాయిల్ టేపు వెయ్యండి. మీ 25 వాట్లు రెండుకి దిగుతాయి. గొళ్లాల స్క్రూలు ముందే బిగించుకోండి, తర్వాత పైనుంచి చెయ్యి దూరదు. చివరికి మూత చుట్టూ పైన ప్లైవుడ్‌తో 300 మి.మీ. ఎత్తు గట్టు కడితే ఉన్నిని దాని దాకా నింపొచ్చు. మూత తీసినప్పుడల్లా నెత్తిన దూది రాలదు.

ఆ పైపులకి మాత్రం తొడుగు వేయించండి. లోపలి వేడిగాలి పైకి రావడం మానేస్తే లాఫ్ట్ ఇప్పటికంటే చల్లబడుతుంది, ఇన్నాళ్లూ ఆ లీకే పైపుల్ని గడ్డకట్టకుండా కాపాడి ఉండొచ్చు. ఈవ్స్ దగ్గర గాలి వచ్చే చోటు మూసెయ్యకండి. కొందరు సీలింగు సీల్ చేస్తూ చేస్తూ, అదీ మూసేస్తారు, ఇక కొంచెం చెమ్మ వచ్చినా పోయే దారి ఉండదు.

సుబ్బారావు_గుంటూరు
ప్రసాద్ గారూ, తమరు చెప్పింది వివరంగా ఉంది. గుంటూరులో మా మేడ పైన మెట్ల గది తలుపుకి ఇదే చెయ్యవచ్చునా? ఎండాకాలం పై గదుల్లో పడుకోలేము.

ప్రసాద్_లీడ్స్
బాబాయ్ గారూ, మీకక్కడ వేడంతా స్లాబులోంచే దిగుతుంది, తలుపు వంతు చాలా తక్కువ. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత ముందు చూడండి. తలుపు కింద రబ్బరు వేస్తే దుమ్ము ఆగుతుంది, అంతవరకే.

వెంకట్_ఎంకే
అప్‌డేట్. అగరబత్తి పెట్టాను, అలారం మోగింది, పాప లేచింది, మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు. పొగ ఒక మూలలో గట్టిగా లాగింది. సీల్ వేశాక మళ్లీ చూస్తే మూత దగ్గర కదలట్లేదు గానీ ఒకవైపు చెక్క పట్టీ వెనకాల నుంచి ఇంకా లాగుతోంది. పైనుంచి చూస్తే ఫ్రేముకీ ప్లాస్టర్‌బోర్డుకీ మధ్య పెన్ను దూరేంత సందు. ఫోమ్ కొట్టాను. పీఐఆర్ అంటించాను, ఒక జత గొళ్లాలు పెట్టాను. నెత్తి మీద చల్లదనం లేదు, ల్యాండింగ్‌లో మార్పు తెలుస్తోంది.

తర్వాత మళ్లీ గడ్డకట్టే చలి పడిన పొద్దున పైకెక్కా. మూతకి ఎదురుగా ఫెల్ట్ దాదాపు పొడిగా ఉంది. కానీ బాత్రూమ్ వైపు మేకులకి బొట్లు అలాగే ఉన్నాయి. అక్కడ ఉన్ని కింద వెతికితే, ఫ్యాన్ నుంచి బయటికి పోవాల్సిన మెత్తటి గొట్టం ఊడిపోయి ఫెల్ట్ కింద పడి ఉంది. స్నానం ఆవిరంతా లాఫ్ట్‌లోకే.

రమణ_స్లౌ
చూశావా బ్రో! అసలు దొంగ గొట్టం. మూతతో ఇంత పని అనవసరంగా చేశావ్.

ప్రసాద్_లీడ్స్
రమణ గారూ, గొట్టం మాట మీదే గెలుపు అనుకోండి, కానీ మూతకి ఎదురుగా ఉన్న చోటే ఆరడం చూశారు కదా. రెండూ పని చేస్తూ ఉండొచ్చు. ఏది ఎంత అన్నది గొట్టం బిగించాక ఇలాంటి చలి రాత్రి ఇంకొకటి వస్తే గానీ చెప్పలేం. వెంకట్ గారూ, గొట్టాన్ని బయటి గ్రిల్లుకి క్లిప్పుతో బిగించి, దాని చుట్టూ కూడా ఇన్సులేషన్ చుట్టండి, లేకపోతే గొట్టం లోపలే నీరు కట్టి ఫ్యాన్‌లోకి కారుతుంది.

వెంకట్_ఎంకే
గొట్టం బిగించాను. ఇప్పుడు ఇంట్లో గాలిలో తేమ ముందుకంటే పెరిగిందనిపిస్తోంది, పొద్దున్నే బెడ్‌రూమ్ కిటికీ అద్దాలు తడిగా ఉంటున్నాయి. ఇది మూత సీల్ చేసినందుకేనా?

ప్రసాద్_లీడ్స్
కావచ్చు. ఇన్నాళ్లూ ఆ సందే మీకు తెలియకుండా ఫ్యాన్ పని చేసింది. స్నానం అయ్యాక బాత్రూమ్ ఫ్యాన్ ఇంకో పదిహేను నిమిషాలు నడవనివ్వండి, లోపల బట్టలు ఆరేస్తుంటే ఆ గది తలుపు వేసి కిటికీ కాస్త తెరవండి. అలా చేసినా అద్దాలు తడిగానే ఉంటే చెప్పండి, అప్పుడు ఫ్యాన్ ఎంత లాగుతోందో కొలుద్దాం.

కీర్తి_డబ్లిన్
ఆ ఈపీడీఎం స్ట్రిప్ ఎంత మందం కొనాలో ఎలా తెలుస్తుంది? మా మూత సందు ఒకవైపు రూపాయి బిళ్ల దూరేంత ఉంది, ఇంకోవైపు కాగితం కూడా దూరట్లేదు.

ప్రసాద్_లీడ్స్
అంచు మీద నాలుగైదు చోట్ల చిన్న మట్టి ఉండలు పెట్టి మూత దించి, మళ్లీ ఎత్తి చూడండి. పిల్లలు ఆడుకునే మట్టి చాలు. ఎక్కువ మందం మిగిలిన ఉండకి తగ్గ స్ట్రిప్ కొనండి. కాగితం దూరని వైపు అదే స్ట్రిప్ మరీ అణిగి మూత ఎత్తుగా నిలబడితే, ఆ వైపు సన్నది వెయ్యండి.